గోడ మీద రాసిన పేరు ఎవరికి గుర్తుంది?

వనపర్తి దగ్గర ఒక గానుగ నూనె మిల్లు ఉందనుకుందాం. వేరుశనగ నూనె పట్టి డిస్ట్రిబ్యూటర్‌కు ఇస్తారు. అక్కడి నుంచి అది కిరాణా కొట్లకు చేరుతుంది. ఓనరు నల్గొండలో గోడలకు పేరు రాయించి, బస్సుల వెనక బోర్డులు పెట్టించాడు. మూడు నెలలయ్యాక ఏజెన్సీ వాళ్లు "లక్షల మంది చూశారు సార్" అంటూ రిపోర్టు పట్టుకొచ్చారు. బస్టాండులో ఎంతమంది తిరుగుతారో చెప్పే లెక్క అది. ఎవరికి పేరు గుర్తుందో అందులో దొరకదు.

అమ్మకాలు చూద్దామంటే డబ్బా ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో మిల్లుకు తెలిసే దారి లేదు. దసరా ముందు డిస్ట్రిబ్యూటర్ ఎలాగూ సరుకు ఎక్కువే ఎత్తుతాడు. స్కీము పెడితే ఇంకా ఎత్తుతాడు. అందుకే జనం నోట్లో పేరు నానుతోందా లేదా అన్నది విడిగా కొలవాలి.

చాలామంది ముందు గూగుల్ ట్రెండ్స్ తెరుస్తారు. అందులో 100 అంటే వంద సెర్చ్‌లని కాదు. మనం ఎంచుకున్న కాలంలో, ప్రాంతంలో ఆ మాటను ఎక్కువగా వెతికిన రోజుకో వారానికో 100 ఇచ్చి, మిగతావాటిని దాంతో పోల్చి చూపిస్తుంది. చిన్న బ్రాండ్‌కు సున్నానే కనిపించొచ్చు, అంతమాత్రాన ఎవరూ వెతకలేదని కాదు. సొంత వెబ్‌సైట్ ఉంటే గూగుల్ వాళ్లదే సెర్చ్ కన్సోల్ మేలు. మన పేరు కొట్టినప్పుడు సైట్ ఎన్నిసార్లు కనిపించిందో చెబుతుంది. ఒకరు ganuga అని, ఇంకొకరు gaanuga అని, మరొకరు తెలుగులోనే కొడతారు కాబట్టి అన్ని స్పెల్లింగ్‌లూ కలిపి చూడాలి. చిక్కేమిటంటే అది దేశం వరకే చెబుతుంది, నల్గొండ అని విడదీయదు.

సోషల్ మీడియాలో పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం ఇంకా జారుడు పని. బ్రాండ్ పేరులో 'పాలమూరు' ఉందంటే ఎత్తిపోతల పథకం మీద గొడవ జరిగిన వారమల్లా లెక్క పైకి పోతుంది. ఒక యాభై పోస్టులు తీసి చదివితే నూనె గురించి ఎన్ని ఉన్నాయో తేలిపోతుంది.

సైట్‌కు ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో చూపే అనలిటిక్స్‌లో 'డైరెక్ట్' అని, అంటే ఎక్కడి నుంచి వచ్చారో తెలియకుండా కనిపించే వాళ్లంతా పేరు గుర్తుపెట్టుకుని వచ్చినవాళ్లు కారు. వాట్సాప్‌లో లింక్ నొక్కి వచ్చినవాళ్లు చాలావరకు అందులోనే పడతారు. మన స్టాఫ్ కూడా. అందుకే మనం పంపే లింకుల చివర utm_source=whatsapp అనే గుర్తు తగిలించి వాళ్లను విడదీసి, నేరుగా హోమ్ పేజీలో దిగిన కొత్తవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. ఊరి పేరును కూడా నమ్మలేం, నల్గొండలో మొబైల్ డేటా వాడేవాళ్లు తరచు హైదరాబాద్ కింద కనిపిస్తారు.

ఈ మూడూ గాలి ఎటు వీస్తోందో చెబుతాయి. ఊరి లెక్క తేలాలంటే మనుషులనే అడగాలి, అదీ ప్రకటన వేయని ఊళ్లో కూడా అడగాలి. పోలికకు సూర్యాపేట పనికిరాదు, నల్గొండ బస్సులు బోర్డులతో సహా అక్కడికీ పోతాయి. మహబూబ్‌నగర్ నయం. "వంట నూనె అంటే మీకు గుర్తొచ్చే పేర్లు చెప్పండి" అని ముందు ఖాళీగా అడగాలి. జాబితా ఆ తర్వాతే చదవాలి, అందులో అసలు లేని పేరు ఒకటి కలపాలి. దాన్ని కూడా విన్నామన్నవాళ్లు పదిలో ఒకరుంటే, మన పేరుకు వచ్చిన 'విన్నాం'లలో కూడా మొహమాటం అంతే ఉంటుంది. ఇంకో మాట, మన గోడ ఎదురుగా నిలబడి మాత్రం అడగొద్దు.

ఊరికి 200 మందిని ప్రకటనకు ముందు, తర్వాత అడిగామనుకోండి. నల్గొండలో పేరు తమంతట చెప్పినవాళ్లు 12 నుంచి 30కి, అంటే 6 శాతం నుంచి 15కి పెరిగారు. తొమ్మిది పాయింట్లు! పండగ చేసుకునేలోపు మహబూబ్‌నగర్ చూడాలి. అక్కడ గోడ రాయకుండానే 14 మంది 20 అయ్యారు, 7 శాతం 10 అయింది. ఆ మూడు తీసేస్తే ప్రకటన తెచ్చింది ఆరు. ఇంత చిన్న శాంపిల్‌లో ఇలాంటి తేడా అటూ ఇటూ ఎనిమిది పాయింట్ల దాకా ఊగుతుంది, కాబట్టి ఆ ఆరు నిజంగా సున్నా కూడా కావచ్చు. ఊగుడు నాలుగుకు తగ్గాలంటే ఊరికి, విడతకు 800 మందిని అడగాలి. మొత్తం 3,200 మంది! గోడల ఖర్చు కంటే సర్వే ఖర్చే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు.

నేనైతే అంత ఖర్చు పెట్టించను. వచ్చే సీజన్‌లో ఊళ్లు మార్చి, మహబూబ్‌నగర్‌లో గోడలు రాయించి, నల్గొండను ఖాళీగా వదిలి, అదే 200 మంది లెక్కన మళ్లీ అడుగుతాను. ఈసారి మహబూబ్‌నగర్ ఎక్కువ పెరిగి, ఆ నెలల్లోనే సెర్చ్ కన్సోల్‌లో పేరు కూడా పైకి కదిలితే, మూడో ఊరికి రంగు డబ్బాలు కొనమంటాను.