యాన్యుటీ కొటేషన్లలో తేడా: వడ్డీ వల్లా, ఆయుష్షు వల్లా?

చెన్నై పెరంబూరులో స్థిరపడిన ఒక తెలుగాయన 60 ఏళ్లకు రిటైరయ్యారనుకుందాం. చేతిలో 10 లక్షలున్నాయి. బతికున్నంతకాలం పింఛను వచ్చే యాన్యుటీ కోసం రెండు బీమా కంపెనీలను అడిగితే, ఒకటి ఏడాదికి 85,800 ఇస్తానంది, రెండోది 78,200. "ఏడున్నర వేలు ఎక్కువొస్తుంటే ఆలోచనెందుకు మావయ్యా" అంటాడు అల్లుడు. కానీ ఒకసారి కొన్నాక ఈ రేటు జీవితాంతం మారదు. అందుకే ఆ తేడా ఎక్కడిదో ముందే తెలుసుకోవాలి.

కంపెనీ వేసే లెక్కను కాస్త సులువు చేసి చూద్దాం. ఆయన మరో 25 ఏళ్లు బతుకుతారని, డబ్బు మీద 7 శాతం వడ్డీ వస్తుందని అనుకుంటే ఏటా 85,800 ఇవ్వొచ్చు. అసలు, వడ్డీ కలిపి సరిగ్గా 25 ఏళ్లకు అయిపోతాయి. ఆయుష్షు మరో మూడేళ్లు పెంచితే పింఛను 82,400కి తగ్గుతుంది. అదే 25 ఏళ్లు ఉంచి వడ్డీ ఒక్క శాతం తగ్గిస్తే 78,200కి పడిపోతుంది. అంటే 60 ఏళ్ల వయసులో కొనేవారికి ఒక శాతం వడ్డీ, మూడేళ్ల ఆయుష్షు కన్నా రెట్టింపు బరువు తూగుతుంది. 75 ఏళ్లకు కొంటే లెక్క తిరగబడుతుంది. మిగిలిన ఆయుష్షు 12 ఏళ్లా, 15 ఏళ్లా అన్న ఒక్క అంచనాతోనే పింఛను 1,25,900 నుంచి 1,09,800కి దిగుతుంది.

దేశంలో అందరికీ ఒకే బాండ్ మార్కెట్ ఉన్నా వడ్డీ అంచనాలు ఒక్కటి కావు. ఒక కంపెనీ 40 ఏళ్ల ప్రభుత్వ బాండ్లతో సరిపెట్టుకుంటుంది. ఇంకొకటి కాస్త రిస్కు తీసుకుని కార్పొరేట్ బాండ్లు కొంటుంది. మధ్యలో వచ్చే వడ్డీని 20 ఏళ్ల తర్వాత ఏ రేటుకు మళ్లీ పెట్టాలో ఎవరికీ తెలియదు. ఆ భయానికి ఎవరి మార్జిన్ వారిది. ఖర్చులు, కమీషన్ అదనం. ఆయుష్షుకు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా తయారుచేసిన 2012-15 యాన్యుటీదారుల మరణాల పట్టిక ఉంది. ఆరోగ్యం బాగున్నవారే యాన్యుటీ ఎక్కువగా కొంటారు కాబట్టి వారికి పట్టిక వేరు. దాన్ని కూడా ప్రతి కంపెనీ తన అనుభవంతో సవరించుకుంటుంది.

తేడా ఎక్కడిదో మనమే పట్టుకోవచ్చు. చనిపోయాక అసలు వారసులకు తిరిగిచ్చే ప్లానుకూ అదే రోజు రెండు చోట్లా కొటేషన్ అడగండి. ఆ ప్లానులో కంపెనీ ఏటా ఇచ్చేది దాదాపు వడ్డీయే, ఆయుష్షుతో పెద్దగా పనిలేదు. 7 శాతం మీద 70,000, 6 శాతం మీద 60,000, అందులోంచి మార్జిన్ పోతుంది. అక్కడా అంత, లేదా ఇంకా ఎక్కువ తేడా కనిపిస్తే కారణం వడ్డీ, ఖర్చులు. అక్కడ ఇద్దరూ ఒకే అంకె చెప్పి, అసలు తిరిగిరాని ప్లానులో మాత్రం విడిపోతే కారణం ఆయుష్షు అంచనా.

ఏ వడ్డీ, ఏ ఆయుష్షు అనుకున్నారో కంపెనీలు కొటేషన్ మీదే రాయాలని నా గట్టి అభిప్రాయం. అప్పటిదాకా రెండు కాగితాల్లోనూ వయసు, ప్లాను, నెలవారీయా ఏడాదికోసారా అన్నది ఒకేలా ఉన్నాయో లేదో చూశాకే అంకెలు పోల్చండి. నెలనెలా ఇచ్చే పింఛను, ఏడాది చివర ఇచ్చేదాని కన్నా మొత్తంలో కాస్త తక్కువే ఉంటుంది.