మైకు ముందు ఎవరి పేరు చెప్పాలి?

హోటలాయన అడిగింది ఇంతే: "ఆదివారం మన హోటల్‌కి పాతికేళ్లు. పనివాళ్లకీ, రోజూ వచ్చేవాళ్లకీ థ్యాంక్స్ చెప్పాలి. మూడు పేజీలు రాశాను. ఇది చదివితే సరిపోతుందా, మార్చాలా?"

రాజమహేంద్రవరంలో చిన్న టిఫిన్ హోటల్. పనివాళ్లు 14 మంది. మధ్యాహ్నం రెండున్నర, షట్టర్ సగం దించి ఉంది. గల్లా దగ్గర ఇద్దరు కూర్చున్నారు. ఒకరు హోటలాయన కూతురు, హైదరాబాద్‌లో ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో పని. రెండోవారు ఇరవై రెండేళ్లుగా ఆ గల్లా చూస్తున్న మేనేజరు. మూలన రోజూ వచ్చే రిటైర్డ్ మాస్టారు కాఫీ చల్లార్చుకుంటున్నారు.

కూతురు: నాన్న రాసింది బాగానే ఉంది బాబాయ్. "మనమంతా ఒకే కుటుంబం" అని మొదలుపెట్టారు. అందరికీ నచ్చుతుంది.

మేనేజరు: చప్పట్లు పడతాయమ్మా, కాదనను. కానీ ఆ మాట వినగానే మన వంట మాస్టరు ఏం అనుకుంటాడో నాకు తెలుసు. పోయిన సంక్రాంతికి నాలుగు రోజులు సెలవు అడిగితే రెండే ఇచ్చాం. కుటుంబం అన్నాక లెక్కలు అడక్కూడదు అన్నట్టు వినిపిస్తుంది వాళ్లకి.

కూతురు: సరే, ఆ వాక్యం తీసేద్దాం. కానీ ఒక్కొక్కరి పేరూ చదవాలని మీరు పట్టుబడుతున్నారే, అది మాత్రం వద్దు. మా ఆఫీసులో ఒకసారి ముప్పై పేర్లు చదివారు, ఒకటి తప్పిపోయింది. ఆ ఏడాదంతా అందరికీ గుర్తున్నది ఆ ఒక్క పేరే.

మేనేజరు: కస్టమర్ల విషయంలో నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం. వాళ్ల పేర్లు చదవకూడదు. నలుగురిని పొగిడితే మిగతా నలభై మంది మొహాలు మాడతాయి. పైగా నాన్న రెండో పేజీలో ఏం రాశారో చూశావా? "ఖాతా రాయించుకున్నా నెల తిరిగేసరికి పైసాతో సహా కట్టే ఆటో అన్నలు" అట. అక్కడికి వాళ్ల పిల్లలూ వస్తారు. అరువు సంగతి మైకులో ఎందుకు?

కూతురు: మరి కస్టమర్లకి ఏం చెప్పాలి? "మా దేవుళ్లు" అని వదిలేయాలా?

మేనేజరు: ఎప్పుడొస్తారో, ఏం చేస్తారో చెప్పాలి. "పొద్దున అయిదున్నరకి షట్టర్ సగమే లేపుతాం. ఆ సగంలోంచే వంగి లోపలికొచ్చి, ఇంకా ఇడ్లీ దిగలేదని తెలిసీ కూర్చునేవాళ్లున్నారు" అన్నామనుకో. పదిహేను మంది ఎవరి గురించో అనుకోరు, తమ గురించే అనుకుంటారు. ఇంకోటి, 2020 జూన్ 8. లాక్‌డౌన్ తర్వాత హోటళ్లలో కూర్చుని తినొచ్చని తెరిచిన రోజు. లోపల కూర్చోడానికి భయం, కానీ బయట నిలబడి ఒక్కొక్కరు నాలుగేసి పార్సిళ్లు కట్టించుకున్నారు. ఇంట్లో ఇద్దరే ఉన్నవాళ్లు కూడా. ఆ సంగతి నాన్న అసలు రాయలేదు.

మాస్టారు: నా రిటైర్‌మెంట్‌కి హెడ్మాస్టర్ గారు నలభై నిమిషాలు మాట్లాడారండీ. నా గురించి మూడు నిమిషాలు, మిగతాదంతా ఆయన సర్వీసే. ఇంతకీ ఆదివారం పెసరట్టు ఉప్మా ఉంటుందా?

కూతురు: ఉంటుంది మాస్టారూ. (మేనేజరుతో) సరే, పనివాళ్ల సంగతికి రండి. పధ్నాలుగు పేర్లు చదివితే హాజరు పిలిచినట్టుంటుంది.

మేనేజరు: పేరు ఒక్కటే చదివితే హాజరే. పేరు పక్కన ఒక పని ఉండాలి, ఒక్కటే. వంట మాస్టరు గురించి "రుచికి మారుపేరు" అని రాశారు నాన్న. అది ఎవరికైనా అంటించొచ్చు. దానికి బదులు ఇలా: "వాన పట్టిన రోజుల్లో పిండి పులవదు. అలాంటప్పుడు ఈయన రాత్రి పదింటికి మళ్లీ వచ్చి, పిండి గిన్నెల చుట్టూ గోనెసంచులు కప్పి వెళ్తాడు. నేను చెప్పకుండానే." మన హోటల్ తెలిసినవాడు తప్ప ఇంకెవడూ రాయలేని వాక్యం అది.

కూతురు: బాగుంది. ఒప్పుకుంటున్నా. చివర నాన్న ఒక కానుక ప్రకటిస్తానంటున్నారు, అందరికీ జీతం పెంపు. దానికైనా అడ్డు రాకండి.

మేనేజరు: పెంచితే నాకూ మంచిదే కదమ్మా! కానీ ఎంత అన్నది ముందే కూర్చుని తేల్చుకోవాలి. మైకు పట్టుకుని ఊపులో "పెంచుతాం" అంటే, సోమవారం పొద్దున పధ్నాలుగు మంది గల్లా దగ్గరికొచ్చి ఎంతని అడుగుతారు. సమాధానం నేను చెప్పాలి. దానికంటే గ్రాట్యుటీ సంగతి చెప్పమను.

కూతురు: అది పని మానేసినప్పుడో రిటైరైనప్పుడో ఇచ్చేది బాబాయ్. ఉపన్యాసంలో ఎందుకు?

మేనేజరు: ఎప్పుడిచ్చేదో నాకూ తెలుసు. పదిమంది గానీ అంతకు పైన గానీ పనిచేసే చోటు, అయిదేళ్లు దాటినవాళ్లు. వంట మాస్టరుకి లెక్క కట్టి చూశాను. నెలకి 18,000. దాన్ని 26తో భాగించి పదిహేను రోజులకి హెచ్చిస్తే 10,385 దాకా వస్తుంది. ఆయన సర్వీసు 24 ఏళ్లు. మొత్తం దాదాపు రెండు లక్షల నలభై తొమ్మిది వేలు. ఆ డబ్బు ఎక్కడుంది? ఎక్కడా లేదు. రేపు ఆయన మానేస్తానంటే కొత్త గ్రైండర్ కొనడానికి దాచింది తీయాలి. "మీ గ్రాట్యుటీకి ఈ నెల నుంచి ఎల్‌ఐసీలో గ్రూపు పాలసీ కడుతున్నాం" అని చెప్తే, కుటుంబం అనే మాట అనక్కర్లేదు.

కూతురు: కట్టాక చెప్తే సరే. కట్టకుండా చెప్తే మీరన్న ఊపే అవుతుంది.

మేనేజరు: (నవ్వి) అదీ నిజమే. ఆదివారానికి అయ్యేపని కాదు. అయితే ఈసారికి వదిలేద్దాం.

కూతురు: ఇంకొకటి. ఆదివారం వడ్డన ఎవరు? సప్లయర్లు ప్లేట్లు మోస్తుంటే వాళ్ల పేరు చదువుతారా? బయటి కేటరింగ్‌కి చెప్తాను.

మేనేజరు: కేటరింగ్ దేనికి? నువ్వు, అమ్మ, నాన్న, నేను వడ్డిద్దాం. వాళ్లు కూర్చుంటారు.

కూతురు: మనం నలుగురం రెండొందల మందికా? చట్నీ అందేసరికి అట్టు చల్లారిపోతుంది. అప్పుడు వాళ్లే లేచి బకెట్లు అందుకుంటారు, చూస్తూ కూర్చోలేరు.

మేనేజరు ఒక నిమిషం మాట్లాడలేదు. కేటరింగ్ వాళ్ల అల్లం చట్నీ మన బల్ల మీద పెడితే మాస్టరు ఊరుకుంటాడా అన్నాడు గానీ, గట్టిగా అనలేదు. అది అక్కడికి ఆగిపోయింది.

కూతురు: ఆ అల్లం చట్నీ మొదలుపెట్టినాయన ఇప్పుడు ఎదురుగా బండి పెట్టాడు కదా. ఆయన పేరు నాన్న మూడో పేజీలో రాశారు. తీసేయనా?

మేనేజరు: ఉంచు.

కూతురు: మన బేరం సగం అటు వెళ్తోంది బాబాయ్!

మేనేజరు: చట్నీ ఎవరిదో తినేవాళ్లందరికీ తెలుసు. మనం చెప్పకపోతే అదొక మాటవుతుంది. నాన్ననే అడుగు. నాదైతే ఉంచమనే.

కూతురు పెన్ను తీసి పేర్ల జాబితా మొదలుపెట్టింది. పన్నెండు అయ్యాయి, పదమూడో దగ్గర ఆగింది.

కూతురు: గిన్నెలు తోమే అత్త పేరేంటి?

మేనేజరు: గిన్నెల అత్త.

కూతురు: అసలు పేరు.

మేనేజరు: జీతాల పుస్తకంలో ఉంటుందిలే. (సొరుగు లాగి, పుస్తకం తీసి, పేజీ తిప్పి, వేలు పెట్టి) ఇదిగో, వేలిముద్ర. పక్కన...

కూతురు: పక్కన ఏముంది?

మేనేజరు: నా రాతే. "గిన్నెల అత్త" అనే రాశాను.

కూతురు: ఎన్నేళ్ల నుంచి?

మేనేజరు: వెనక కుళాయి దగ్గరుంది. నువ్వెళ్లి అడిగి రా అమ్మా. నేనడిగితే బాగుండదు.