ట్రైనీని మధ్యలో పంపించే లెటర్‌లో ఏం ఉండాలి

ఓర్వకల్లు దిక్కు యూనిట్లో ఐటీఐ ఫిట్టర్ చేసిన పిల్లోడు ట్రైనింగ్‌లో ఉన్నాడనుకుందాం, నాలుగో నెల నుంచి సరిగ్గా రావట్లేదు. సూపర్‌వైజర్‌కి విసుగొచ్చి 'రేపట్నుంచి రావద్దు' అని వాట్సాప్‌లో పెట్టేస్తాడు. చాలాచోట్ల కథ ఇంతే, కానీ ఆ పిల్లోడు రేపు లేబర్ ఆఫీసుకి పోతే మేనేజ్‌మెంట్ చేతిలో చూపించడానికి ఒక్క కాగితం ఉండదు.

ముందు రిజిస్టర్ తీయాలి. ఆగస్టులో 25 పనిరోజులు, తొమ్మిది ఆబ్సెంట్లు కనిపిస్తున్నాయి. విడదీసి చూస్తే మూడింటికి జ్వరమని డాక్టర్ చీటీ ఉంది, రెండు రోజులు కంపెనీ బస్సే లేటొచ్చి పంచింగ్ పడలేదు, చెప్పాపెట్టకుండా రానివి నాలుగే. కేసు ఆ నాలుగింటి మీదే నిలబడాలి, తొమ్మిదీ లెక్కేస్తే వాడు బస్సు డ్రైవర్‌ని సాక్ష్యం తెస్తాడు, మీ లెక్క మొత్తం మీద నమ్మకం పోతుంది. ఆగస్టు చివర్లో తేదీలతో మెమో ఇచ్చి, కారణం అడిగి, వాడు ఏం చెప్పాడో (చేనికాడ కలుపుపని అన్నా సరే) అలాగే రాసి సంతకం తీసుకోవాలి, ఇంకో నెల టైమియ్యాలి. సెప్టెంబర్లో కూడా చెప్పకుండా ఏడు రోజులు మానేస్తే అప్పుడు ఆపేయడంలో అన్యాయమేమీ లేదు.

ఇక లెటర్. 'మీకు బాధ్యత లేదు, క్రమశిక్షణ లేదు' లాంటివి చాలామంది రాస్తారు, నాకైతే అది కోపం తీర్చుకోవడంలా అనిపిస్తుంది. ఏయే తేదీలు రాలేదు, మెమో ఎప్పుడిచ్చాం, ఏం జవాబొచ్చింది, ట్రైనింగ్ ఏ తేదీతో ఆగుతుంది, అంతే రాయండి. స్టైపెండ్ ఎప్పటిదాకా లెక్కేశారో, ఏ రోజు అకౌంట్లో పడుతుందో కూడా అందులోనే ఉండాలి. ఐటీఐ ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ దగ్గరుంటే అదే రోజు తిరిగిచ్చేయండి, అసలు పట్టి పెట్టుకోవడమే తప్పు.

అప్రెంటిస్ చట్టం కింద కాంట్రాక్టు రిజిస్టర్ అయ్యుంటే మాత్రం మీ లెటర్‌తో పని అయిపోదు. 1961 నాటి ఆ చట్టం సెక్షన్ 7 ప్రకారం కాంట్రాక్టు రద్దు చేయమని అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్‌కి అప్లికేషన్ పెట్టాలి, దాని కాపీ పిల్లోడికి కూడా పోస్టులో పంపాలి. ఇద్దరి మాటా చూసి అడ్వైజరే తేలుస్తాడు. మీరు పెట్టుకున్న ఆ మెమోలు, సంతకాలు అక్కడ పనికొస్తాయి. రిజిస్టర్ కాని ట్రైనీ అయితే జాయినింగ్ లెటర్‌లో నోటీసు గురించి ఏం రాసుకున్నారో దాని ప్రకారం పోవాలి.

లెటర్ ఇచ్చేటప్పుడు షాప్‌ఫ్లోర్ మీద అందరి ముందూ కాకుండా ఆఫీసు గదిలో కూర్చోబెట్టి చదివి వినిపించండి. సంతకం పెట్టనంటే బలవంతం చేయొద్దు, పక్కనున్నాయన చేత 'ఇచ్చాం, తీసుకోలేదు' అని రాయించి ఇంటి అడ్రసుకి స్పీడ్ పోస్టు చేసి, ఆ రసీదు ఫైల్లో పెట్టుకుంటే చాలు.