అడిగింది 100, వచ్చింది 200: విచారణ నివేదిక

ముగ్గురున్న మా టీమ్‌లో జరిగిన ఘోరంపై ముగ్గురితోనే విచారణ కమిటీ వేశాం. అంటే నిందితులం, సాక్షులం, జడ్జీలం అన్నీ మేమే. ఎవరి పేరూ ఎత్తకూడదన్నది మొదటి నిబంధన కాబట్టి, ఆ కోడ్ రాసిన మనిషిని ఇక్కడ 'సదరు వ్యక్తి' అనే అంటాం. (నేనే.)

మార్కెట్ తెరవగానే 100 షేర్లు కొనడం మా బాట్ డ్యూటీ. ఆ రోజూ ఆర్డర్ పంపింది. మా టైమౌట్ 5 సెకన్లు. ఆ రద్దీలో బ్రోకర్ సర్వర్ జవాబివ్వడానికి 7 సెకన్లు పట్టింది, కాకపోతే షేర్లు కొనేసింది. ఆ మాట చెప్పేలోపే మా బాట్ లైన్ కట్ చేసి, ఒక సెకను ఆగి, అదే ఆర్డర్ మళ్లీ కొట్టింది. ఈసారి వెంటనే జవాబొచ్చింది. లాగ్‌లో చూస్తే ఒక్కటే కొనుగోలు, ఎందుకంటే మేం విజయాలు మాత్రమే రాసుకుంటాం, టైమౌట్లు రాసుకోవడం మా ఇంటావంటా లేదు.

సాయంత్రం లెక్క చూస్తే మా టేబుల్‌లో 100, బ్రోకర్ దగ్గర 200. మొదటి గంట తప్పు బ్రోకర్‌దేనని ఘాటుగా మెయిల్ రాయడంలో గడిచింది. పంపే ముందు ఎందుకైనా మంచిదని బ్రోకర్ దగ్గరున్న మా ఆర్డర్ బుక్ తెరిచాం. రెండు వరుసలు, మధ్యలో సరిగ్గా 6 సెకన్లు. 5 టైమౌట్, 1 ఆగింది. మెయిల్ డిలీట్ చేశాం.

డూప్లికేట్‌ని ఆపే ఏర్పాటు లేదా అంటే, భేషుగ్గా ఉంది. ప్రతి ఆర్డర్‌కీ మేమే ఒక ఐడీ ఇస్తాం, అదే ఐడీ మళ్లీ వస్తే ఈ బ్రోకర్ తిప్పికొడతాడు. సదరు వ్యక్తి దాన్ని పెట్టిన చోటు చూడండి:

```python
for attempt in range(3):
    order_id = str(uuid.uuid4())
    place_order("BUY", 100, order_id)
```

(జవాబొస్తే బయటికొచ్చే భాగం తీసేసి చూపిస్తున్నా.) ప్రయత్నించిన ప్రతిసారీ కొత్త ఐడీ. దొంగ వచ్చిన ప్రతిసారీ కొత్త ఆధార్ కార్డు మేమే చేసిచ్చినట్టు.

ఆ లైన్‌ను లూప్ పైకి జరిపాం. అది చాలదు, మధ్యలో బాట్ రీస్టార్టయితే ఐడీ గల్లంతవుతుంది, అందుకే ఆర్డర్ పంపకముందే దాన్ని డేటాబేస్‌లో రాస్తున్నాం. టైమౌట్ వస్తే ఇక 'ఫెయిల్' అనుకోం, 'తెలియదు' అనుకుని ఆ ఐడీతో బ్రోకర్‌నే అడుగుతాం. అక్కడా కనబడకపోతేనే అదే ఐడీతో మళ్లీ పంపుతాం. కొందరు బ్రోకర్ల దగ్గర ఈ ఐడీ ఉత్త లేబులే, రెండోసారి వచ్చినా ఆపరు, అలాంటప్పుడు బాట్ ఆగి మనిషిని లేపాలి.

మర్నాడు ధర పెరిగింది. అదనపు 100 లాభానికే అమ్ముడుపోయాయి. దాంతో కమిటీలో ఒక సభ్యుడు ఈ బగ్‌ను ఫీచర్‌గా ఉంచేద్దామని లిఖితపూర్వకంగా ప్రతిపాదించాడు. ఓటింగ్ రేపు.