‘గ్లీసన్ 7’ అని రాస్తే సరిపోదు

ప్రొస్టేట్ బయాప్సీ రిపోర్టులో ‘గ్లీసన్ స్కోరు 6’ అని కనిపించగానే చాలా ఇళ్లలో వేసుకునే మొదటి లెక్క పదికి ఆరు. క్యాన్సర్ సగం దాటిపోయిందని, రేపే ఆపరేషన్ చేయించకపోతే చేయి దాటిపోతుందని టెన్షన్ మొదలవుతుంది. నిజానికి సూది బయాప్సీలో నేడు వేస్తున్న స్కోర్లలో ఆరే అన్నిటికన్నా చిన్నది. రెండు నుంచి ఐదు దాకా ఉన్న అంకెలు పాత పద్ధతిలో మిగిలాయే తప్ప, బయాప్సీ ముక్కలను మైక్రోస్కోపులో చూసి గ్రేడు చెప్పే పాథాలజిస్టులు వాటిని వాడటం దాదాపు మానేశారు. తక్కువ ప్రమాదం ఉన్న గడ్డకు పదికి ఆరు మార్కులు వేసి, దాని అర్థమేమిటో చెప్పకుండా రోగిని ఇంటికి పంపే పద్ధతి మారాలి.

ఈ కొలత ఎలా వచ్చిందో తెలిస్తే తికమక కొంత తగ్గుతుంది. 1960లలో అమెరికాలోని మినియాపొలిస్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన పాథాలజిస్టు డోనాల్డ్ గ్లీసన్, కణాలను విడివిడిగా కాక, అవి గ్రంథులుగా ఎలా అమరాయో చూసి ఐదు నమూనాలు గీశారు. ఒకే గడ్డలో రెండు నమూనాలు కలిసి ఉండటం మామూలే కాబట్టి వాటిని కూడి స్కోరు ఇచ్చారు. ఇప్పుడు వాడుకలో ఉన్నవి ముఖ్యంగా మూడు నమూనాలు. మూడో నమూనాలో చిన్న చిన్న గ్రంథులు దేనికది విడిగా, గుండ్రంగా కనిపిస్తాయి. నాలుగో నమూనాలో ఆ హద్దులు చెరిగిపోతాయి. గ్రంథులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, సగం సగంగా ఏర్పడతాయి, లేదా జల్లెడలా రంధ్రాలు పడ్డ ముద్దగా మారతాయి. ఐదోదానిలో గ్రంథి అన్నదే ఉండదు, కణాలు ఒంటరిగానో వరుసలుగానో చుట్టూ ఉన్న కండలోకి చొరబడతాయి. అమరిక ఎంత చెదిరితే గడ్డ అంత దూకుడుగా ప్రవర్తిస్తుంది. ఈ కొలత చెప్పేది ఆ దూకుడు గురించే. జబ్బు ఎముకలకో లింఫు గ్రంథులకో పాకిందా లేదా అన్నది స్కాన్లు తేల్చాల్సిన వేరే ప్రశ్న.

సూది బయాప్సీలో మొదటి అంకె ఎక్కువ భాగం కనిపించిన నమూనాది. రెండోది మిగిలిన వాటిలో అన్నిటికన్నా చెడ్డదానిది. అసలు పేచీ ఏడు దగ్గర వస్తుంది. మూడు కూడిక నాలుగు, నాలుగు కూడిక మూడు రెండూ ఏడే. కానీ మొదటిదానిలో సగానికి పైగా మూడో నమూనా, రెండోదానిలో సగానికి పైగా నాలుగో నమూనా. ‘గ్లీసన్ 7’ అని మాత్రమే రాసి వదిలేస్తే ఈ తేడా కాగితం మీద మాయమైపోతుంది.

ఉదాహరణకు 66 ఏళ్ల పెద్దాయన ఒకరిని అనుకుందాం. రక్తపరీక్షలో ప్రొస్టేట్ ప్రొటీన్‌ను కొలిచే పీఎస్ఏ 8 వచ్చింది. పన్నెండు సూది ముక్కలు తీశారు. ఎడమవైపు మూడు ముక్కల్లో 3+3, కుడివైపు ఒక ముక్కలో 3+4, అందులో నాలుగో నమూనా పది శాతం. చికిత్స నిర్ణయానికి సాధారణంగా అన్నిటికన్నా ఎక్కువ గ్రేడు వచ్చిన ముక్కనే తీసుకుంటారు. కాబట్టి ఈయనది 3+4. స్కాన్లు, వయసు, ఇతర జబ్బులు చూసుకుని, వెంటనే కోయకుండా పీఎస్ఏ, ఎంఆర్ఐ, మళ్లీ బయాప్సీలతో గమనిస్తూ ఉండొచ్చని డాక్టరు చెప్పే అవకాశం ఉంది. రేడియేషన్ ఎంచుకుంటే చాలాసార్లు హార్మోన్ ఇంజెక్షన్ల అవసరం ఉండదు. అదే కుడివైపు ముక్కలో నాలుగో నమూనా 70 శాతం ఉందనుకోండి. అది 4+3. ఇప్పుడు కేవలం గమనించడం సాధారణంగా సరిపోదు, రేడియేషన్‌కు తోడు నాలుగు నుంచి ఆరు నెలల హార్మోన్ చికిత్స చర్చకు వస్తుంది. హార్మోన్ చికిత్సంటే వేడి ఆవిర్లు, నీరసం, ఎముకల బలం తగ్గడం. రెండు దారులకూ ఇంత తేడా ఉంటే రెండు రిపోర్టుల మీదా కనిపించేది ఒకే ‘7’.

గ్రేడు గ్రూపులు వచ్చింది ఈ చిక్కు తీర్చడానికే. జాన్స్ హాప్కిన్స్ పాథాలజిస్టు జోనాథన్ ఎప్‌స్టీన్ బృందం 2013లో ప్రతిపాదించిన ఈ ఐదు గ్రూపులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో స్వీకరించింది. ఆరు వస్తే ఒకటో గ్రూపు, 3+4 రెండో గ్రూపు, 4+3 మూడో గ్రూపు. మొత్తం ఎనిమిది అయితే నాలుగు, తొమ్మిది పది అయితే ఐదు. ఆపరేషన్ చేయించుకున్న 20 వేల మందికి పైగా రికార్డులు చూస్తే, తీసేసిన గ్రంథి గ్రేడు ప్రకారం, ఐదేళ్ల తర్వాత పీఎస్ఏ మళ్లీ పెరగనివారు ఒకటో గ్రూపులో 96 శాతం, రెండులో 88, మూడులో 63, నాలుగులో 48, ఐదులో 26. ఇవి పీఎస్ఏ తిరిగి పెరగడానికి సంబంధించిన లెక్కలు, చనిపోయినవారి లెక్కలు కావు. రెండుకీ మూడుకీ మధ్య 25 పాయింట్ల తేడా ఉంది. పాత పద్ధతిలో ఈ రెండు గ్రూపులూ ‘గ్లీసన్ 7’ కిందే కలిసిపోయేవి.

గ్రూపు నంబరును జాతకంలా నమ్మడమూ సరికాదు. పన్నెండు సన్నని ముక్కలు మొత్తం గ్రంథిలో చాలా చిన్న భాగం. సూది తగలనిచోట చెడ్డ నమూనా ఉండి, ఆపరేషన్ తర్వాత గ్రేడు పెరిగిన సందర్భాలు చాలానే ఉంటాయి. ముందుగా ఎంఆర్ఐ తీసి అనుమానమున్న చోటికే సూది పంపితే ఈ ప్రమాదం తగ్గుతుంది. ఇక 3+4, 4+3 గీత సగం దగ్గర ఉంది కాబట్టి, నాలుగో నమూనా 45 శాతమా 55 శాతమా అన్న చోట ఇద్దరు అనుభవజ్ఞులు భిన్నంగా చెప్పడం అసాధారణం కాదు. ఏటవాలుగా కోతపడ్డ మూడో నమూనా గ్రంథి కొన్నిసార్లు నాలుగోదానిలా కనిపిస్తుంది. మరో సంగతి: బయాప్సీకి ముందే హార్మోన్ ఇంజెక్షన్ వేస్తే గ్రంథుల ఆకారమే మారిపోయి, ఉన్నదానికన్నా ఎక్కువ గ్రేడు వచ్చే వీలుంది. అందుకే ఇంజెక్షన్ ప్రభావం కనిపించే చోట స్కోరు వేయకూడదు. అత్యవసరం కాని కేసుల్లో ముందు ఇంజెక్షన్, తర్వాత బయాప్సీ అనే తొందర మానుకోవాలి.

ఆసుపత్రులను, ల్యాబులను మేము కోరేది పెద్ద పనేమీ కాదు. ముక్కలన్నీ ఒకే సీసాలో వేసి పంపకుండా, ఏ ముక్క ఎక్కడిదో కనీసం కుడి ఎడమలు తెలిసేలా వేర్వేరు సీసాల్లో పంపాలి. రిపోర్టులో రెండు అంకెలూ విడివిడిగా, వాటి పక్కన గ్రేడు గ్రూపు, ఏడు వస్తే నాలుగో నమూనా ఎంత శాతం, జల్లెడ నమూనా ఉందా లేదా అన్నవి రాయాలి. జల్లెడ నమూనా ఉంటే ఒకే గ్రూపులోనూ ముప్పు ఎక్కువ. గ్రూపు ఒకటి అని తేలినవారికి ఆపరేషన్ తేదీ రాసిచ్చే ముందు, గమనిస్తూ ఉండడం కూడా ఒక దారే అని డాక్టరు చెప్పాలి. బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని గమనించడం, ఆపరేషన్, రేడియేషన్ అనే మూడు దారుల్లో పెట్టి సుమారు 15 ఏళ్లు చూశారు. మూడింటిలోనూ ప్రొస్టేట్ క్యాన్సర్ మరణాలు 3 శాతం చుట్టుపక్కలే ఉన్నాయి.

గ్రేడు మీద అనుమానం ఉన్న రోగి తన బయాప్సీ ముక్కలు దాచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు అడిగితే ల్యాబు ఇవ్వాలి. ప్రొస్టేట్ చూసిన అనుభవమున్న మరో పాథాలజిస్టు వాటినే మళ్లీ చూసి రెండో అభిప్రాయం చెప్పగలరు. చాలా సందర్భాల్లో దానికోసం మళ్లీ సూది గుచ్చాల్సిన పని ఉండదు.