ఒకటో తరగతి ముంగిట ఇచ్చే ఆ కాగితంలో రెండు గళ్లు చాలవు

గత మే నెలలో నేను కావలి దగ్గర మా ఊళ్లో ఉన్నప్పుడు, మా అక్క కూతురు ఒక కాగితం పట్టుకొని వచ్చింది. యూకేజీ పూర్తయిన పిల్లలు ఒకటో తరగతికి సిద్ధంగా ఉన్నారో లేదో తల్లిదండ్రులే చూసుకోవాలని బడివాళ్లు ఇచ్చిన పట్టిక అది. అందులో పన్నెండు ప్రశ్నలున్నాయి, ప్రతి ప్రశ్నకు ఎదురుగా 'అవును', 'కాదు' అని రెండు గళ్లున్నాయి. "పిన్నీ, వీడికి అయిదు 'కాదు'లు వచ్చాయి. ఇంకో ఏడాది యూకేజీలోనే ఉంచమంటావా?" అని అడిగింది. పిల్లవాడికి ఏప్రిల్‌లోనే ఆరేళ్లు నిండాయి. నెల్లూరు జిల్లాలో ఇరవై రెండేళ్లపాటు ఒకటో తరగతికి పాఠాలు చెప్పి, ఇప్పుడు విదేశంలో మా అమ్మాయి దగ్గర ఉంటున్న నాకు, ఆ ప్రశ్న వినగానే ఆందోళన కలిగింది. ఊళ్లో ఉన్న చెల్లెళ్లో, మరదళ్లో ఇదే సంగతి ఫోనులో మనల్ని కూడా అడుగుతుంటారు కనుక, నా అభిప్రాయం విదేశంలో ఉంటున్న మన తెలుగువాళ్ల సంఘం పత్రికలో వివరంగా రాస్తున్నాను.

అటువంటి పట్టిక ఇవ్వడం మంచిదే. కానీ దానిని ప్రవేశ పరీక్షలాగా చూడకూడదు. బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలను గానీ తల్లిదండ్రులను గానీ వడపోత పరీక్షకు గురిచేయరాదని 2009 నాటి విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. పైగా, ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు మొదటి మూడు నెలలూ ఆటల ద్వారానే బడి అలవాట్లు, మాట, లెక్క నేర్పాలని ఎన్‌సీఈఆర్‌టీ 2021లో 'విద్యా ప్రవేశ్' అనే కార్యక్రమాన్ని రూపొందించింది. అంటే పట్టికలో 'కాదు' అని వచ్చినవాటిలో చాలా భాగం ఆ మూడు నెలల్లో టీచరు చేయించవలసిన పనే తప్ప, పిల్లవాడిని ఏడాది పాటు వెనక్కి నెట్టడానికి కారణం కాదు.

అసలు చిక్కు ఆ రెండు గళ్లలోనే ఉందని నేను నమ్ముతున్నాను. 'అక్షరాలన్నీ గుర్తుపడతాడా?' అన్న ప్రశ్నకు మా అక్క కూతురు ధీమాగా 'అవును' గడిలో టిక్కు పెట్టింది, ఎందుకంటే వాడు 'అ' నుంచి చివరి దాకా గడగడా అప్పజెప్పగలడు. నేను ఎనిమిది చీటీల మీద ఎనిమిది అక్షరాలు రాసి, కలిపేసి, ఒక్కొక్కటే చూపించాను. 'ఈ' చూపితే వాడు 'అ, ఆ, ఇ' అని మొదటి నుంచి లెక్కపెట్టుకొని వచ్చి చెప్పాడు. 'ప', 'వ' పక్కపక్కన పెడితే రెండింటినీ 'ప' అనే అన్నాడు. వాడికి వచ్చింది వరుసే కానీ అక్షరాలు ఇంకా రాలేదు. అయితే చప్పట్లు కొడుతూ 'కాకరకాయ' అనమంటే సరిగ్గా అయిదు చప్పట్లు కొట్టాడు. 'పలక, పడవ, గిన్నె' అని చెప్పి, వీటిలో వేరుగా మొదలయ్యేది ఏదని అడిగితే 'గిన్నె' అన్నాడు. 'పలక'లో మొదటిది తీసేస్తే ఏం మిగులుతుందంటే, నాలుగు ఉదాహరణలు చెప్పాక, 'లక' అన్నాడు. తెలుగులో మనం రాసే ఒక్కో అక్షరం సాధారణంగా నోట పలికే ఒక్కో ముక్కకు గుర్తు కనుక, మాటను ఇలా ముక్కలుగా వినగలిగిన పిల్లవాడికి చదువు త్వరగా పట్టుబడుతుంది. ఈ ప్రశ్న ఆ పట్టికలో లేనే లేదు.

ఇక 'కాదు' అని వచ్చిన అయిదింటిలో మూడు నిజానికి ఒకటే సంగతి. పెన్సిల్ సరిగా పట్టుకోలేడు, టిఫిన్ డబ్బా మూత తీయలేడు, చొక్కా బొత్తాలు పెట్టుకోలేడు. వాడు రాసేటప్పుడు పక్కన కూర్చొని చూస్తే, పెన్సిల్‌ను పిడికిలితో పట్టి, మణికట్టు గాలిలో లేపి, భుజంతో రాస్తున్నాడు. రెండు వరుసలకే చెయ్యి నొప్పి అంటున్నాడు. వేళ్లలో బలం చాలని చేతికి కాపీ పుస్తకంలో పేజీలకు పేజీలు ఇస్తే, ఆ తప్పు పట్టే గట్టిపడుతుంది. అందుకని రాత ఆపించాను. వేరుశనగకాయలు ఒలవడం, చపాతీ పిండి ఉండలు చేయడం, తడిగుడ్డ పిండడం రోజుకు పది నిమిషాలు చేయించాం. పలకను గోడకు ఆనించి నిలబెట్టి, బొటనవేలంత చిన్న బలపం ముక్క ఇచ్చి గీతలు గీయించాం. ముక్క చిన్నదైతే పిడికిలిలో ఇమడదు, వేళ్ల కొనలతోనే పట్టుకోవలసి వస్తుంది. నిలువు పలక మీద మణికట్టు దానంతటదే సరైన వంపు తీసుకుంటుంది. జూన్ 12న బడి తెరిచే నాటికి అయిదు వారాలు గడిచాయి. వాడు డబ్బా మూత తానే తీస్తున్నాడు, బొత్తాలలో పై ఒక్కటి తప్ప అన్నీ పెట్టుకుంటున్నాడు, పెన్సిల్ మూడు వేళ్లతో పడుతున్నాడు కానీ తొందరలో మళ్లీ పిడికిలి బిగిస్తున్నాడు. ఇలా కొన్ని నెలలు చేయించినా మార్పే లేకపోతే, లేదా రెండు చేతుల్లో ఒకటి మాత్రమే బలహీనంగా కనిపిస్తే, అది ఇంటి పనులతో సరిచేసేది కాదు, డాక్టరుకు చూపించాలి.

నాలుగో 'కాదు' నన్ను ఎక్కువ కలవరపెట్టింది. 'వరుసగా చెప్పిన రెండు పనులు చేస్తాడా?' అన్న ప్రశ్న అది. వాడికి మాట వినే బుద్ధి లేదని ఇంట్లో అందరి ఫిర్యాదు. ఎదురుగా కూర్చొని "చెప్పులు లోపల పెట్టి, చెంబు తీసుకురా" అంటే రెండూ చక్కగా చేశాడు. టీవీ ఆపించి, వెనుక నుంచి మెల్లగా పిలిచినప్పుడు మాత్రం కుడివైపు పిలుపుకు తిరిగాడు, ఎడమవైపు పిలుపుకు తిరగలేదు. చెవి డాక్టరు చూస్తే గుబిలి గట్టిపడి ఎడమ చెవి దాదాపు మూసుకుపోయి ఉంది. చుక్కల మందు వేసి, తరువాత శుభ్రం చేశారు. వినపడకపోవడాన్ని మొండితనం అనుకొని తిట్టిన పిల్లలు నా తరగతుల్లో కూడా ఉన్నారు, అది తలచుకుంటే నాకిప్పటికీ బాధే.

అయిదోది బాత్రూముకు వెళ్లాలని టీచరుకు చెప్పగలగడం. "ఒంటికి పోవాలి" అని వాడు ఎవరితోనైనా చెబుతాడు. అదే మాట ఇంగ్లీషులో పూర్తి వాక్యంగా చెప్పలేడని వాళ్లమ్మ 'కాదు' పెట్టింది. అవసరం చెప్పుకోవడం ఒక నేర్పు, ఇంగ్లీషు వాక్యం మరొక నేర్పు. రెండింటినీ ఒకే గడిలో కలిపితే తప్పు పిల్లవాడి మీద పడుతుంది.

కాబట్టి 'అవును', 'కాదు' తీసేసి 'తానే చేస్తాడు', 'గుర్తుచేస్తే చేస్తాడు', 'సాయం చేస్తే చేస్తాడు' అని మూడు గళ్లు పెట్టాలని, ప్రతి ప్రశ్న కింద తల్లి కళ్లారా చూసింది రాయడానికి ఒక ఖాళీ వరుస వదలాలని నా సూచన. సొంత ఊరి బడికి పుస్తకాలో, బల్లలో పంపే మన సభ్యులు ఈ మార్పు కూడా అక్కడి టీచర్లతో మాట్లాడవచ్చు. మా అక్క కూతురు, నేను కలిసి తెల్లకాగితం మీద ఆ పట్టికను అలాగే తిరగరాసి, ఒకటో తరగతిలో చేర్చిన రోజున టీచరు చేతికి ఇచ్చాము. ఆవిడ నిలబడే మొత్తం చదివి, "ఏ చెవమ్మా?" అని అడిగి, కుడి చెవి తనవైపు ఉండేలా వాడిని ముందు వరుసలో ఎడమ చివర కూర్చోబెట్టింది.