తెలిసి చేస్తే, కావాలని చేసినట్టేనా?

"చివరి దశ రోగికి నొప్పి తగ్గాలని, ప్రాణం త్వరగా పోవచ్చని తెలిసీ మార్ఫిన్ ఇచ్చే డాక్టరూ, చంపడానికే సూది వేసే డాక్టరూ ఒకటే. ఇద్దరికీ ఫలితం ముందే తెలుసు. ఉద్దేశం మనసులోది, దాన్ని ఎవరూ చూడలేరు. మేలు కోసం చేసే పనిలో, కోరకపోయినా ముందే తెలిసిన చెడును కొన్ని షరతులతో ఒప్పుకునే ద్వంద్వ ఫలిత సూత్రాన్ని అడ్డం పెట్టుకుని ఎంత హానినైనా సమర్థించుకోవచ్చు."

ఇలా వాదించేవాళ్లున్నారు. ముందు వాళ్ల ఉదాహరణ సంగతి చూద్దాం. నొప్పిని గమనిస్తూ కొద్దికొద్దిగా పెంచే మార్ఫిన్ మామూలుగా ప్రాణం తీయదు. అలవాటు లేని వృద్ధ రోగికి నాలుగు గంటలకోసారి నోటి ద్వారా 2.5 నుంచి 5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. మధ్యలో నొప్పి ఎగదన్నితే, రోజు మొత్తం మోతాదులో ఆరో వంతు దాకా అదనంగా ఇస్తారు. మందు ఎక్కువైతే సాధారణంగా శ్వాస మందగించక ముందే మగత కమ్ముతుంది, ఆపడానికి వ్యవధి ఉంటుంది. అంటే ఈ వాదన ఎంచుకున్న ఉదాహరణలో "ముందే తెలిసిన చావు" చాలాసార్లు ఉండనే ఉండదు, ఉన్నది ఒక ప్రమాదం మాత్రమే.

అయినా వాదన కోసం ఆ ప్రమాదం పెద్దదే అనుకుందాం. ఉద్దేశం కనపడదన్న మాట అప్పుడూ నిలవదు. డోసు ఇచ్చాక వచ్చే గంటలో ఇద్దరు డాక్టర్లూ ఏం చేస్తారో చూడండి. రోగికి నొప్పి తగ్గి, ఊపిరి బాగానే ఆడుతోంది. మొదటి డాక్టరు పని అయిపోయింది, ఆ మోతాదు దగ్గరే ఆగుతాడు. మగత ముదిరితే తర్వాతి డోసు ఆపుతాడు లేదా తగ్గిస్తాడు. రెండో డాక్టరు దృష్టిలో అదే పరిస్థితి వైఫల్యం. నొప్పి లేకపోయినా ఇంకా పెంచుతాడు, మగత వస్తే సంతోషిస్తాడు. ఉద్దేశమంటే మనసులో మెదిలే కోరిక మాత్రమే కాదు. పథకం ఎటు సాగాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది అదే, దాని ఆనవాళ్లు కేస్ షీట్లో పడతాయి.

1992లో ఇంగ్లండులో డాక్టర్ నైజెల్ కాక్స్ హత్యాయత్నం కేసులో దోషిగా తేలడానికి కారణం కూడా ఇలాంటిదే. భరించలేని కీళ్ల నొప్పులతో ఉన్న వృద్ధురాలికి ఆయన ఎక్కించింది పొటాషియం క్లోరైడ్. అది నొప్పి తగ్గించే మందు కాదు, ఆ మోతాదులో గుండెను ఆపుతుంది. ఆ సూది వల్ల ఆమె బాధ తీరేదంటే చావు గుండానే తీరాలి. శవాన్ని అప్పటికే దహనం చేయడంతో మరణకారణం నిరూపించలేక హత్య అనకుండా హత్యాయత్నం అన్నారు. ఆయనకు పడింది అమలు నిలిపివేసిన శిక్షే. ఆ దయ సబబే అనిపిస్తుంది, కానీ ఆయన చేసినదాన్ని నొప్పి నివారణ అనడానికి మాత్రం వీల్లేదు.

ఇక "ఇద్దరికీ తెలుసు కదా" అన్న మాట. తెలియడం బాధ్యతను తెచ్చిపెడుతుంది, కాదనను. అయితే పథకంలోంచి చావును తీసేసి చూస్తే తేడా తేలుతుంది. మొదటి డాక్టరు పథకం చెక్కు చెదరదు, రెండోది కుప్పకూలుతుంది. ఒకరి చావును మన పనికి సాధనంగా వాడుకోవడం వేరు, దాన్ని ఆపాలని చూస్తూ ప్రమాదానికి సిద్ధపడటం వేరు. ఇంగ్లీషు చట్టం ఇక్కడ ఇంకో మెట్టు కఠినం. 1998 నాటి వూలిన్ కేసు తర్వాత, చావు దాదాపు తప్పదని తెలిసీ ఆ పని చేసినవాడిలో హత్యకు కావలసిన ఉద్దేశం ఉందని జ్యూరీ నిర్ణయించవచ్చు. "కోరుకోలేదు" అన్నంత మాత్రాన తప్పించుకోలేరు.

ద్వంద్వ ఫలిత సూత్రం ఎంత హానికైనా ముసుగు అన్నదీ నిజం కాదు. దానికి షరతులున్నాయి. చేసే పని దానికదే తప్పు కాకూడదు. మేలును ఉద్దేశించాలి. చెడు ఆ మేలుకు దారి కాకూడదు. మేలు ఆ చెడుకు సరితూగాలి, తక్కువ హానితో ఇంకో దారి ఉండకూడదు. చాలామంది మరిచేది ఈ చివరి షరతే. పారాసిటమాల్‌తో తగ్గే నొప్పికి స్పృహ తప్పించేంత మార్ఫిన్ ఇస్తే, ఉద్దేశం ఎంత మంచిదైనా సూత్రం ఒప్పుకోదు. ఆత్మరక్షణ గురించి రాసిన థామస్ అక్వినాస్ 13వ శతాబ్దంలోనే అవసరానికి మించిన బలప్రయోగం అక్రమమన్నాడు.

నిజంగా ఇబ్బంది పెట్టే ఆక్షేపణ వేరే ఉంది, ఈ వాదన దాని జోలికే పోలేదు. రోగిని ద్వేషించే డాక్టరు, చస్తే బాగుండునని లోపల అనుకుంటూ సరైన మందే సరైన మోతాదులో రాస్తే? ఆ డోసు ఆపాలా? ఆపకూడదు, రోగి నొప్పి నిజమైనది. ఈ ఒక్క డోసు ఇవ్వవచ్చా లేదా అన్నదాన్ని డాక్టరు ఉద్దేశం తేల్చదని జుడిత్ జార్విస్ థామ్సన్ లాంటి తత్త్వవేత్తలు అన్నది ఇందుకే, ఆ మేరకు ఒప్పుకోవలసిందే. కానీ రేపు పెంచాలా తగ్గించాలా అన్న నిర్ణయాన్ని ఆ డాక్టరు చేతిలో పెట్టకూడదు.